రెండు లూపుల సర్క్యూట్‌లో బాణాలు, గుర్తులు: తరచుగా అడిగే ప్రశ్నలు

మద్దిలపాలెంలో ఇంటర్, డిప్లొమా పిల్లలకు ఫిజిక్స్ చెబుతుంటాను. కిర్కాఫ్ నియమాలు రెండూ అందరూ గడగడా అప్పజెప్పేస్తారు. జంక్షన్‌లోకి వచ్చే కరెంట్ల మొత్తం, బయటికి పోయే కరెంట్ల మొత్తానికి సమానం. ఏ లూప్ చుట్టూ తిరిగి వచ్చినా వోల్టేజి మార్పుల మొత్తం సున్నా. అయినా మొదటి రెండు లూపుల లెక్క ఇస్తే సగం క్లాసు తప్పు చేస్తుంది. పేపర్లు దిద్దుతూ చూస్తే, ఆ తప్పు నియమంలోనూ ఉండదు, కూడికలోనూ ఉండదు. సమీకరణం రాయకముందు బొమ్మ మీద వేసిన బాణం దగ్గరో, వేయని ప్లస్ గుర్తు దగ్గరో ఉంటుంది. అందుకే ఈ పేజీ అంతా ఆ బొమ్మ గురించే. ఒకే సర్క్యూట్ తీసుకుని చివరిదాకా దానితోనే పోదాం.

ఏ సర్క్యూట్ గీసుకోవాలి?

కాగితం మీద పైన A అనే చుక్క, కింద B అనే చుక్క పెట్టండి. ఈ రెండిటినీ కలుపుతూ మూడు నిలువు దారులు గీయండి.

ఎడమ దారిలో 12 వోల్టుల బ్యాటరీ, దాని పైన 2 ఓముల రెసిస్టర్. కుడి దారిలో 6 వోల్టుల బ్యాటరీ, దాని పైన 3 ఓముల రెసిస్టర్. రెండు బ్యాటరీల ప్లస్ టెర్మినల్ పైకి, అంటే A వైపు ఉంది. మధ్య దారిలో బ్యాటరీ లేదు, 18 ఓముల రెసిస్టర్ ఒక్కటే. బ్యాటరీల అంతర్నిరోధం ప్రస్తుతానికి పక్కన పెట్టేద్దాం. కావాలంటే ఆ 2, 3 ఓములలో అది కూడా కలిసి ఉందనుకోండి, లెక్క మారదు.

బొమ్మ పెద్దదిగా గీయండి. చాలామంది అగ్గిపెట్టంత బొమ్మ గీస్తారు. తర్వాత బాణానికీ, ప్లస్ మైనస్‌లకూ చోటు లేక వాటిని మనసులోనే పెట్టుకుంటారు. మనసులో పెట్టుకున్న గుర్తు రెండో లూప్‌కి వచ్చేసరికి మారిపోతుంది.

కరెంట్‌కి పేరు ఒక్కో రెసిస్టర్‌కి పెట్టాలా, ఒక్కో దారికి పెట్టాలా?

దారికి. ఒక జంక్షన్ నుంచి ఇంకో జంక్షన్ దాకా మధ్యలో ఎక్కడా చీలకుండా పోయే దారిని శాఖ అంటాం. ఆ శాఖ మొత్తానికీ ఒకటే కరెంట్. ఎడమ శాఖలో బ్యాటరీ ఉంది, రెసిస్టర్ ఉంది, కానీ కరెంట్ ఒక్కటే, దాని పేరు I1. బ్యాటరీ దాటాక ఒక పేరు, రెసిస్టర్ దాటాక ఇంకో పేరు పెట్టేవాళ్ళను ఏటా చూస్తాను. వాళ్ళ అనుమానం ఏమిటంటే, రెసిస్టర్ కొంత కరెంట్‌ని "తినేస్తుంది" అని. రెసిస్టర్‌లో తగ్గేది వోల్టేజి. కరెంట్ ఎంత లోపలికి పోయిందో అంతే బయటికి వస్తుంది.

మన సర్క్యూట్‌లో శాఖలు మూడు కాబట్టి పేర్లు మూడే: ఎడమ I1, కుడి I2, మధ్య I3.

జంక్షన్లు గుర్తించేటప్పుడు ఒక జాగ్రత్త. బొమ్మలో రెండు చుక్కల మధ్య ఉత్త తీగ మాత్రమే ఉంటే అవి రెండూ ఒకే జంక్షన్. మన ఊళ్ళో ఎన్‌ఏడీ జంక్షన్‌కి ఇటు చివర ఆటో దిగినా, అటు చివర దిగినా ఎన్‌ఏడీలోనే దిగామంటాం కదా, అలాంటిదే. పుస్తకంలో బొమ్మ అందంగా ఉండాలని పై తీగని పొడుగ్గా గీసి, మూడు చోట్ల మూడు చుక్కలు పెట్టినా అది ఒక్క A మాత్రమే.

మాస్టారూ, బాణం ఎటు వేయాలో ముందే ఎలా తెలుస్తుంది?

తెలియదు, తెలియనక్కర్లేదు కూడా. ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. "12 వోల్టులది పెద్దది, అది గెలుస్తుంది, అప్పుడు 6 వోల్టులది..." అంటూ పది నిమిషాలు ఆలోచిస్తారు. అది తేల్చడానికే కదా సమీకరణాలు రాస్తున్నది.

కరెంట్ నిజంగా అటే పోతోందని బాణం చెప్పదు. "అటు పోతే దాన్ని ప్లస్ అంటాను, ఇటు పోతే మైనస్ అంటాను" అని మనం ముందుగా చేసుకున్న ఒప్పందం అది. థర్మామీటర్ మీద సున్నాకి పైన ఉన్నది ప్లస్ అని ముందే గీత గీసుకున్నట్టు. చలి ఎక్కువైతే రీడింగ్ మైనస్‌లోకి పోతుంది, అంతమాత్రాన ఎవరూ థర్మామీటర్‌ని తలకిందులు చేయరు.

నేను ఇలా వేస్తాను: I1 ఎడమ శాఖలో పైకి, A వైపు. I2 కుడి శాఖలో పైకి, A వైపు. I3 మధ్య శాఖలో కిందికి, B వైపు. రెండు బ్యాటరీల ప్లస్ పైకి ఉంది కాబట్టి రెండూ పైకే తోస్తాయని ఊహించాను. ఇందులో ఒక ఊహ తప్పు. ఏది తప్పో లెక్కే చెబుతుంది.

మూడు బాణాలూ A లోకే వేసేశాను. మార్చాలా?

అక్కర్లేదు. అప్పుడు జంక్షన్ సమీకరణం `I1 + I2 + I3 = 0` అవుతుంది. మూడూ లోపలికే పోవడం నిజంలో జరగదు కాబట్టి కనీసం ఒకటైనా మైనస్‌గా వస్తుంది. వింతగా కనిపిస్తుంది గానీ లెక్క సరైనదే.

రెసిస్టర్లకు ప్లస్, మైనస్ ఎక్కడ పెట్టాలి?

ఈ పేజీలో ఒక్క సమాధానమే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

రెసిస్టర్‌లో కరెంట్ ఎక్కువ పొటెన్షియల్ నుంచి తక్కువ పొటెన్షియల్‌కి పోతుంది. కాబట్టి బాణం ఏ చివర లోపలికి దూరుతుందో ఆ చివర ప్లస్, ఏ చివర బయటికి వస్తుందో ఆ చివర మైనస్. బాణం వేసిన వెంటనే, ఏ సమీకరణమూ రాయకముందే, మూడు రెసిస్టర్లకూ ఈ గుర్తులు పెన్సిల్‌తో పెట్టేయండి.

మన బొమ్మలో 2 ఓముల రెసిస్టర్‌కి కింది చివర ప్లస్, పై చివర మైనస్, ఎందుకంటే I1 కింద నుంచి పైకి పోతోంది. 3 ఓముల రెసిస్టర్‌కీ అంతే. 18 ఓముల దానికి పై చివర ప్లస్, కింది చివర మైనస్.

బ్యాటరీ సంగతి వేరు. దాని ప్లస్, మైనస్‌లు బాణాన్ని బట్టి రావు. గుర్తులో పొడుగు గీత ప్లస్, పొట్టి గీత మైనస్, అంతే. మీరు I2 బాణాన్ని పైకి వేసినా కిందికి వేసినా 6 వోల్టుల బ్యాటరీ ప్లస్ పైనే ఉంటుంది. బాణం తిప్పితే రెసిస్టర్ గుర్తులు తిరుగుతాయి, బ్యాటరీ గుర్తులు కదలవు. ఈ తేడా ఒంటబట్టక, కరెంట్ దిశ చూసి బ్యాటరీకి గుర్తు పెట్టడం వల్లే చాలా లెక్కలు పోతాయి. "కరెంట్‌కి ఎదురు వెళ్తున్నాం కాబట్టి +6" అని ఎవరైనా అంటే అక్కడే ఆపండి. రెసిస్టర్‌కి పనికొచ్చే మాటని బ్యాటరీకి అంటించేశారన్నమాట.

గుర్తులన్నీ పెట్టాక లూప్ రాయడానికి ఒకటే పద్ధతి. వేలు పెట్టి లూప్ వెంట నడవండి. మైనస్ దగ్గర ఎక్కి ప్లస్ దగ్గర దిగితే వోల్టేజి పెరిగింది, ప్లస్ రాయండి. ప్లస్ దగ్గర ఎక్కి మైనస్ దగ్గర దిగితే తగ్గింది, మైనస్ రాయండి. రెసిస్టర్ అయినా బ్యాటరీ అయినా ఇదే చాలు. నాలుగు వేరువేరు సూత్రాలు బట్టీ పట్టే పని తప్పుతుంది.

క్లాక్‌వైజ్‌గానే తిరగాలా? ఎక్కడ మొదలుపెట్టాలి?

ఎటైనా తిరగొచ్చు, ఎక్కడైనా మొదలుపెట్టొచ్చు. కైలాసగిరికి మెట్ల మీద ఎక్కి రోప్‌వేలో దిగండి, లేదా రోప్‌వేలో ఎక్కి మెట్ల మీద దిగండి. బయల్దేరిన చోటికే తిరిగి వస్తే ఎక్కినంత ఎత్తూ దిగి ఉంటారు, మిగిలేది సున్నా. ఎదురు దిశలో తిరిగితే ఎక్కుడు దిగుడవుతుంది, దిగుడు ఎక్కుడవుతుంది. అంటే సమీకరణంలో అన్ని గుర్తులూ మారతాయి. కుడి పక్క సున్నా ఉంది కాబట్టి అది అదే సమీకరణం.

చేయకూడనిది ఒకటే, సగం లూప్ ఒక దిశలో నడిచి మధ్యలో మనసు మార్చుకోవడం. నడక దిశకి లూప్ లోపల ఒక వంకర బాణం వేసుకోండి, దాన్ని కరెంట్ బాణంతో కలిపేయకండి. నేను కరెంట్ బాణాలు నీలం సిరాతో, నడక బాణాలు పెన్సిల్‌తో వేయిస్తాను.

ఎన్ని సమీకరణాలు రాయాలి?

తెలియనివి మూడు, కాబట్టి మూడు. జంక్షన్లు రెండుంటే అందులో ఒక్కదానికే రాయాలి. B దగ్గర రాసినా A దగ్గరి సమీకరణమే మళ్ళీ వస్తుంది. మిగతా రెండూ లూపుల నుంచి. చుట్టూ పోయే పెద్ద లూప్ కూడా ఉంది కదా అంటారు. ఉంది, కానీ అది ఎడమ, కుడి లూపులను కలిపితే వచ్చేదే, కొత్త విషయమేమీ ఇవ్వదు. రెండు జంక్షన్లకూ రాసి, ఒక లూప్‌కి రాసి "మూడు వచ్చాయి" అనుకున్నవాళ్ళకు చివరికి `0 = 0` వస్తుంది.

మొత్తం లెక్క ఒకసారి చేసి చూపిస్తారా?

A దగ్గర I1, I2 లోపలికి వస్తున్నాయి, I3 బయటికి పోతోంది.

ఎడమ లూప్‌లో B దగ్గర మొదలుపెట్టి క్లాక్‌వైజ్‌గా నడుద్దాం. ఎడమ శాఖలో పైకి వెళ్తుంటే బ్యాటరీలో మైనస్ దగ్గర ఎక్కి ప్లస్ దగ్గర దిగాం: +12. 2 ఓముల రెసిస్టర్‌లో ప్లస్ దగ్గర ఎక్కాం, మైనస్ దగ్గర దిగాం: −2I1. A చేరాం. మధ్య శాఖలో కిందికి దిగుతుంటే ప్లస్ ముందు, మైనస్ తర్వాత: −18I3. మళ్ళీ B.

కుడి లూప్‌లో A దగ్గర మొదలుపెట్టి క్లాక్‌వైజ్. కుడి శాఖలో కిందికి దిగుతున్నాం, I2 కి ఎదురు. 3 ఓముల దాంట్లో మైనస్ ముందు తగిలింది: +3I2. బ్యాటరీలో ప్లస్ ముందు తగిలింది: −6. B నుంచి మధ్య శాఖలో పైకి ఎక్కుతుంటే మైనస్ ముందు: +18I3. మళ్ళీ A.

```
I1 + I2 = I3
12 - 2*I1 - 18*I3 = 0
3*I2 - 6 + 18*I3 = 0
```

I3 బదులు I1 + I2 పెట్టి, సమీకరణాలను 2 తోనూ 3 తోనూ భాగించి చిన్నవి చేస్తే:

```
10*I1 + 9*I2 = 6
6*I1 + 7*I2 = 2
```

సాధిస్తే I1 = 1.5, I2 = −1, I3 = 0.5. అన్నీ ఆంపియర్లలో.

I2 కి మైనస్ వచ్చింది. ఎక్కడో తప్పు చేశానా?

లేదు. కుడి శాఖలో 1 ఆంపియర్ కరెంట్ మీ బాణానికి ఎదురుగా, అంటే పై నుంచి కిందికి పోతోంది. 6 వోల్టుల బ్యాటరీ ప్లస్ టెర్మినల్ లోపలికి కరెంట్ దూరుతోంది. అంటే ఆ బ్యాటరీ శక్తిని ఇవ్వడం లేదు, తీసుకుంటోంది. బైక్ బ్యాటరీ చార్జ్ అవుతున్నప్పుడు జరిగేది ఇదే.

ఎందుకిలా అయిందో కూడా కనిపిస్తుంది. B తో పోలిస్తే A దగ్గర పొటెన్షియల్ 12 − 2 × 1.5, అంటే 9 వోల్టులు. ఎదురుగా ఉన్న బ్యాటరీకి ఉన్నది 6 వోల్టులు. తొమ్మిదికి ఎదురు నిలిచి అది కరెంట్‌ని పైకి ఎలా తోస్తుంది?

మైనస్ వచ్చాక బొమ్మలో బాణం చెరిపి తిప్పకండి. జవాబు కింద ఒక్క వాక్యం రాయండి: "I2 విలువ 1 ఆంపియర్, దిశ A నుంచి B వైపు." పరీక్షలో దానికే మార్కులు.

మధ్యలో అనుమానం వచ్చి ఒక్క బాణం తిప్పేస్తే ఏమవుతుంది?

నా చదువుకునే రోజుల్లో ఒక పరీక్షలో నేను చేసిన ఘనకార్యం ఇదే. జంక్షన్ సమీకరణం, ఎడమ లూప్ రాసేశాను. కుడి లూప్ దగ్గరికి వచ్చేసరికి "చిన్న బ్యాటరీలోకి కరెంట్ దూరుతుందిలే" అని తట్టింది. తట్టింది నిజమే! I2 బాణం కిందికి తిప్పి, దానికి తగ్గట్టు గుర్తు మార్చి రాశాను. జంక్షన్ సమీకరణం మాత్రం పాత బాణంతోనే ఉండిపోయింది. ఆ రోజు లెక్కలో అంకెలు వేరే, తప్పు మాత్రం ఇదే. ఇప్పటి సర్క్యూట్‌లో అదే తప్పు చేస్తే సమీకరణాలు ఇలా ఉంటాయి:

```
I1 + I2 = I3
12 - 2*I1 - 18*I3 = 0
-3*I2 - 6 + 18*I3 = 0
```

జవాబు I1 = −3, I2 = 4, I3 = 1. ఎంత ముచ్చటగా ఉందో చూడండి, ఒక్క దశాంశం లేదు. సరైన జవాబులో 1.5, 0.5 ఉన్నాయి, తప్పు జవాబులో అన్నీ పూర్ణాంకాలు. పూర్ణాంకాలు వచ్చాయంటే కరెక్టే అని ధీమాగా గీత కొట్టేసేవాళ్ళకు ఇది చూపిస్తాను.

ఇంకా చిక్కు ఏమిటంటే, ఈ విలువలను ఆ మూడు సమీకరణాల్లో వేస్తే మూడూ సరిపోతాయి. సరిపోవా మరి, వాటి నుంచే కదా వచ్చాయి. రాసిన సమీకరణాల్లో తిరిగి వేసి చూడటం కూడికల్లో తప్పుని పట్టిస్తుంది. బొమ్మలో తప్పుని పట్టించదు.

బాణం తిప్పాలనే ఉంటే నిరభ్యంతరంగా తిప్పండి, కానీ అన్ని చోట్లా. జంక్షన్ దగ్గర `I1 = I2 + I3` అవ్వాలి, కుడి లూప్ `-3*I2 - 6 + 18*I3 = 0` అవ్వాలి. అప్పుడు I2 = +1 వస్తుంది, మిగతావి మారవు.

మరి బొమ్మలో తప్పుని ఎలా పట్టుకోవాలి?

సమీకరణాలు మూసేసి బొమ్మ దగ్గరికి పోండి. B నుంచి A కి మూడు దారులున్నాయి. ఏ దారిలో లెక్క కట్టినా A పొటెన్షియల్ ఒకటే రావాలి. B ని సున్నా అనుకుందాం.

సరైన జవాబుతో: ఎడమ నుంచి 12 − 3 = 9. మధ్య నుంచి 18 × 0.5 = 9. కుడి శాఖలో నిజమైన కరెంట్ కిందికి, 1 ఆంపియర్. కాబట్టి 3 ఓముల దానికి పై చివరే ఎక్కువ పొటెన్షియల్, 6 + 3 = 9. మూడూ కలిశాయి.

ఇప్పుడు ఆ ముచ్చటైన జవాబు చూడండి. ఎడమ నుంచి 12 + 6 = 18, మధ్య నుంచి 18. కుడి శాఖలో I2 = 4 ని జంక్షన్ సమీకరణంలో ఉన్నట్టే పైకి పోతోందనుకుంటే 6 − 12 = −6. ఒకే చుక్కకి 18 వోల్టులు, −6 వోల్టులు రెండూ ఎలా ఉంటాయి? లేదు, కిందికి పోతోందనుకుంటే కుడి వైపు 6 + 12 = 18 సరిపోతుంది, కానీ అప్పుడు A దగ్గర జంక్షన్ నియమం పోతుంది. ఎటు లాగినా ఒక పక్క చిరుగుతుంది.

రెండో పరీక్ష పవర్‌తో. బ్యాటరీలు ఇచ్చినంతే రెసిస్టర్లు వేడిగా ఖర్చు చేయాలి. సరైన జవాబులో 12 వోల్టుల బ్యాటరీ 18 వాట్లు ఇస్తోంది, 6 వోల్టులది అందులో 6 వాట్లు తీసుకుంటోంది, మిగిలింది 12. రెసిస్టర్లలో I²R కడితే 4.5, 3, 4.5. మొత్తం 12. తప్పు జవాబులో, జంక్షన్ సమీకరణంలోని దిశలే తీసుకుంటే, బ్యాటరీలు రెండూ కలిపి −12 వాట్లు ఇస్తుంటే రెసిస్టర్లు 84 వాట్లు కాలుస్తున్నాయి. ఆ సర్క్యూట్ ఉంటే మనకి కరెంట్ బిల్లే ఉండదు.

పరీక్షలో టైమ్ తక్కువుంటే మొదటిది చాలు, అర నిమిషం పడుతుంది.

ఇంకో పుస్తకంలో గుర్తులన్నీ తలకిందులుగా ఉన్నాయి. ఏది నమ్మాలి?

రెండూ. కొందరు వోల్టేజి తగ్గితే ప్లస్ అని రాస్తారు. వాళ్ళ ఎడమ లూప్ `-12 + 2*I1 + 18*I3 = 0` అని ఉంటుంది. మనదాన్నే −1 తో గుణించినట్టు. ఒక లూప్ మొత్తం ఒకే పద్ధతిలో ఉన్నంతవరకు ఇబ్బంది లేదు. బ్యాటరీకి ఒక పుస్తకం, రెసిస్టర్‌కి ఇంకో పుస్తకం పట్టుకుంటేనే మునుగుతాం.

మా అన్నయ్య బీటెక్, వాడు లూప్‌కి ఒక కరెంట్ చొప్పున రెండే తీసుకుంటున్నాడు. అది వేరే నియమమా?

నియమం అదే, పేర్లు వేరు. దాన్ని మెష్ పద్ధతి అంటారు. ఎడమ లూప్‌లో Ia, కుడి లూప్‌లో Ib, రెండూ క్లాక్‌వైజ్ తిరుగుతున్నాయనుకుంటారు. మధ్య శాఖలో Ia కిందికి, Ib పైకి పోతుంది కాబట్టి అక్కడి కరెంట్ కిందికి Ia − Ib. మన పేర్లలో I1 = Ia, I2 = −Ib, I3 = Ia − Ib. జంక్షన్ నియమం ఆ తీసివేతలోనే దాగి ఉంది, అందుకే విడిగా రాయరు. వాడికి Ia = 1.5, Ib = 1 వస్తాయి.

మొదటిసారి చేసేవాళ్ళు శాఖ పద్ధతిలోనే చేయమంటాను. రెండూ కలిపి, మధ్య శాఖకి ఒకసారి I3 అని, ఒకసారి Ia అని రాస్తే గందరగోళమే.

బాణం ఎలక్ట్రాన్లు పోయే వైపు వేయాలా?

వద్దు. ప్లస్ చార్జి పోయే వైపే, సంప్రదాయ దిశలోనే వేయండి. కిర్కాఫ్ ఈ నియమాలు చెప్పింది 1845లో, ఎలక్ట్రాన్ జాడ దొరికింది 1897లో. ఎలక్ట్రాన్ లేకుండానే లెక్క నడిచింది, ఇప్పుడూ నడుస్తుంది.

ల్యాబ్‌లో ఈ సర్క్యూట్ కట్టి చూడొచ్చా?

చూడొచ్చు, కానీ ఇవే విలువలతో వద్దు. 2 ఓములలో 4.5 వాట్లు పుడతాయి, మామూలు పావు వాట్ రెసిస్టర్ మాడి వాసన వస్తుంది. రెసిస్టర్లన్నీ వంద రెట్లు చేయండి: 200, 300, 1800 ఓములు. కరెంట్లు వందో వంతు అవుతాయి: 15, −10, 5 మిల్లీఆంపియర్లు. A దగ్గర మాత్రం 9 వోల్టులే ఉంటుంది.

మల్టీమీటర్‌ని కరెంట్ రేంజ్‌లో పెట్టి శాఖని తెంపి మధ్యలో కలపాలి. బాణం మీటర్‌లోకి దూరే వైపు ఎర్ర తీగ, బయటికి వచ్చే వైపు నల్ల తీగ. డిజిటల్ మీటర్ చూపించే గుర్తు అచ్చం మన I2 గుర్తే అవుతుంది. కుడి శాఖలో మైనస్ చూపిస్తే తీగలు మార్చేయాలని చెయ్యి లాగుతుంది, మార్చకండి. ఆ మైనస్‌ని చూడటానికే కదా కట్టింది.

కట్టాం మాస్టారూ. I2 దాదాపు సున్నా వస్తోంది, A దగ్గర 9 బదులు పదికి పైన చూపిస్తోంది. మీ లెక్క తప్పా?

6 వోల్టులకి బ్యాటరీ బదులు ల్యాబ్ పవర్ సప్లయ్ పెట్టి ఉంటారు. మామూలు సప్లయ్ కరెంట్‌ని బయటికి పంపగలదు గానీ లోపలికి తీసుకోలేదు. మన I2 మైనస్ కాబట్టి దానికి కావాల్సింది లోపలికి తీసుకోవడమే. తీసుకోలేక దాని టెర్మినల్స్ మీద వోల్టేజి 6 దాటి పైకి తేలిపోతుంది. I2 పూర్తిగా సున్నా అయితే I1 = 12/2000, అంటే 6 మిల్లీఆంపియర్లు, A దగ్గర 10.8 వోల్టులు. మీకు వచ్చింది దానికి దగ్గరగా ఉంటే కారణం ఇదే. కిర్కాఫ్ నియమాలు అప్పుడూ సరిగ్గానే ఉన్నాయి, "అది 6 వోల్టుల బ్యాటరీ" అని మనం రాసిన గుర్తు మాత్రం నిజం కాదు.

ఉపాయం తేలిక. 6 వోల్టుల సప్లయ్ ప్లస్, మైనస్ టెర్మినల్స్‌కి అడ్డంగా 330 ఓముల రెసిస్టర్ ఒకటి పెట్టండి. దానికి 18 మిల్లీఆంపియర్లు కావాలి. అందులో 10 మన శాఖ నుంచి వస్తాయి, మిగతా 8 సప్లయ్ బయటికి పంపుతుంది. ఎప్పుడూ బయటికే పంపుతోంది కాబట్టి 6 దగ్గర నిలబడుతుంది, మీటర్‌లో −10 కనిపిస్తుంది. ఆ 330 ఓములను సర్క్యూట్ బొమ్మలో కలపనక్కర్లేదు, అది సప్లయ్‌లో భాగం అనుకోండి.

రీచార్జ్ అయ్యే 6 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉంటే ఇంకా మేలు, కాకపోతే దాని అసలు వోల్టేజి ముందు కొలిచి 6 బదులు ఆ అంకె వేయండి. టార్చిలైట్ డ్రై సెల్స్ మాత్రం ఈ శాఖలో పెట్టకండి. అవి చార్జ్ చేసేవి కావు, లోపలికి కరెంట్ తోస్తే వేడెక్కి కారతాయి.